కాఫీ గింజలు ఫ్రీజర్‌లో పెట్టాలా, గాజు సీసాలో ఉంచాలా?

"అరకు వెళ్లి వస్తూ వేయించిన కాఫీ గింజలు కిలో తెచ్చుకున్నాం. ఇంట్లో తాగేది ఇద్దరమే. చూడ్డానికి బాగుంటుందని గాజు సీసాలో పోసి కిచెన్ షెల్ఫ్‌లో పెట్టాను. మా అక్కేమో ఫ్రీజర్‌లో పడెయ్ అంటోంది. ఏది కరెక్ట్?"

మీ అక్క చెప్పింది సగం కరెక్ట్. ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, కాకపోతే కిలో మొత్తం ఒకే కవర్లో వేసి కాదు. గాజు సీసా కూడా వాడొచ్చు, కానీ వారం పది రోజులకు సరిపడా గింజలకే, అది కూడా తలుపున్న అలమారలో. ఫ్రిజ్‌లో, అంటే కూరగాయలూ పాలూ పెట్టే చోట మాత్రం అస్సలు వద్దు. ఈ మూడు తప్పులూ నేను వరసపెట్టి చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

మాది విశాఖ. మొదట నేనూ మీలాగే పెద్ద గాజు సీసాలో పోసి, స్టవ్ పక్కన కిటికీ దగ్గర పెట్టాను. పొద్దున ఓ గంటసేపు ఎండ సరిగ్గా దాని మీదే పడేది, గింజలు నూనె రాసినట్టు మెరుస్తుంటే చూసి మురిసిపోయేవాణ్ణి. మూడో వారం మూత తీస్తే కాఫీ వాసన కాదు, డబ్బా అడుగున మిగిలిపోయిన పాత జంతికల వాసన! ఆ మెరుపు గింజలోంచి పైకి వచ్చిన నూనెదే. బాగా నల్లగా వేయించిన గింజలకు అది ఎక్కువగా పైకి తేలుతుంది, గాలి తగిలితే వేరుశనగ నూనె పాడైనట్టే పాడవుతుంది, వెలుతురూ వేడీ తోడైతే ఇంకా తొందరగా.

నిజానికి ఇందులో గాజు తప్పేమీ లేదు. గాజు వాసన పీల్చదు, తేమ రానివ్వదు, మూతకు రబ్బరు రింగు ఉంటే గాలి కూడా పెద్దగా పోదు. చిక్కల్లా రెండు. ఒకటి, వెలుతురు, చీకటి అలమారలో పెడితే అది తీరిపోతుంది. రెండోది ఎవరూ పట్టించుకోరు: సీసాలో గింజలు తగ్గే కొద్దీ వాటి స్థానంలోకి గాలి వస్తుంది, రోజూ మూత తీసినప్పుడల్లా అది కొత్త గాలి అవుతుంది. లీటరు సీసాలో అడుగున గుప్పెడు గింజలున్నాయంటే మీరు దాస్తున్నది ప్రధానంగా గాలినే. అందుకే చిన్న సీసా తీసుకుని నిండా పోసుకోండి. ఇంకోమాట, వేయించి ఒకటి రెండు రోజులే అయిన గింజల్ని బిగుతైన మూతలో పెట్టకండి. వేయించినప్పుడు లోపల చేరిన కార్బన్ డయాక్సైడ్ కొన్ని రోజులపాటు బయటికి వస్తూనే ఉంటుంది, మూత తీయగానే సోడా కొట్టినట్టు సుయ్‌మంటుంది. మంచి కాఫీ కవర్లకు ముందువైపు గుండ్రంగా బొత్తాం లాంటిది ఉంటుంది చూశారా, అది ఈ గాలిని బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వకుండా ఉండేందుకే. అలాంటి కవర్లో వస్తే సీసాలోకి మార్చకండి, లోపలి గాలి నొక్కేసి, పైభాగం మడిచి క్లిప్పు పెట్టేసుకోండి, చాలు.

తర్వాత ఫ్రిజ్. నాలుగు రోజులకే డికాక్షన్లో లీలగా ఇంగువ. నవ్వొస్తుంది గానీ నిజం, వేయించిన గింజ స్పాంజిలా సన్నసన్న రంధ్రాలతో ఉంటుంది, పక్కనున్న వాసనంతా పీల్చేస్తుంది. పైగా ఫ్రిజ్‌లో ఉండే చల్లదనం నూనె పాడవడాన్ని ఆపేంతేమీ కాదు, డబ్బా బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పట్టించడానికి మాత్రం సరిపోతుంది.

ఇక ఫ్రీజర్. వేయించిన గింజలో నీరు నామమాత్రం కాబట్టి కూరగాయల్లా గడ్డకట్టి చెడిపోదు, మైనస్ 18 డిగ్రీల దగ్గర పాడవడం బాగా నెమ్మదిస్తుంది. మరి నాకెందుకు చెడింది? జిప్ కవర్లో అంతా వేసి, రోజూ పొద్దున్నే తీసి, రెండు చెంచాలు తీసుకుని మళ్లీ లోపల పెట్టేవాణ్ణి. మా ఊరి గాలి సంగతి తెలిసిందే, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా నిమిషంలో చెమర్చుతుంది. కవర్ తెరిచిన ప్రతిసారీ గింజలదీ అదే పరిస్థితి. ఆ తడి మళ్లీ గడ్డకట్టేది. రెండు వారాలకు గింజల మీద తెల్లగా మంచు పట్టింది, గ్రైండర్లో పొడి ఉండకట్టింది, డికాక్షన్ చప్పగా దిగింది.

ఇప్పుడు చేసేది ఇది. మా ఇద్దరికీ కలిపి రోజుకు 25 గ్రాములు పడుతుంది, అంటే కిలో 40 రోజులు. మీదీ దాదాపు ఇంతే ఉంటుంది. 250 గ్రాములు బయట అలమారలో ఉంచుకుంటాను, పది రోజులకు వస్తుంది. మిగిలిన 750 గ్రాములు తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఆరు జిప్ కవర్లలో 125 గ్రాముల చొప్పున వేస్తాను. ఒక్కో కవర్ ఐదు రోజులకు. గాలి బాగా నొక్కేసి మూసి, ఆ ఆరింటినీ ఇంకో మందపాటి కవర్లో గానీ బిగుతైన డబ్బాలో గానీ పెట్టి ఫ్రీజర్‌లో వెనక్కి నెట్టేస్తాను, ఎందుకంటే పల్చటి ప్లాస్టిక్ ఒక్కటే ఉంటే పక్కనున్న చేపల వాసన కాఫీకి వస్తుంది. (బొత్తాం ఉన్న కవర్‌ని అలాగే ఫ్రీజర్‌లో పెట్టేట్టయితే ఆ రంధ్రం మీద టేపు అతికించండి.)

అసలు కీలకం బయటికి తీయడంలో ఉంది. కావలసిన కవర్‌ని రాత్రి పడుకునే ముందు తీసి గట్టు మీద పెడతాను, తెరవను. పొద్దునకి కవర్ బయట చెమ్మ పట్టి ఆరిపోయి ఉంటుంది, లోపల గింజలు పొడిగా గది వేడికి వచ్చేసి ఉంటాయి. అప్పుడు తెరిచి సీసాలో పోసుకుంటా. ఒకసారి తెరిచింది మళ్లీ ఫ్రీజర్లోకి పోదు. రాత్రి మర్చిపోతే? ఏమీ కాదు, కవర్ తెరిచి అన్నీ సీసాలోకి ఒంపేయకుండా, ఆ పూటకి కావలసినవి గబగబా గ్రైండర్లో వేసి గడ్డకట్టినవే తిప్పేసి, కవర్ వెంటనే మూసి బయటే ఉంచండి. గడ్డకట్టిన గింజలు పెళుసుగా ఉంటాయి, పొడి బాగానే వస్తుంది.

ఇలా దాచినవి రెండు మూడు నెలలు బాగానే ఉంటాయి. పాడయ్యాయో లేదో తెలుసుకోవడానికి ముక్కు కంటే వేడినీళ్లు నయం. గ్లాసులో రెండు చెంచాల పొడి వేసి కొంచెం వేడినీళ్లు పోయండి. బాగున్న పొడి ఉబ్బి, బుడగలతో పైకి పొంగుతుంది. పాతబడింది బురదలా అలాగే కూర్చుంటుంది. అలా కూర్చున్న గింజల్ని ఫ్రీజర్ మళ్లీ బాగుచేయదు, ఉన్న స్థితిని నిలుపుతుందంతే. కాబట్టి కవర్ మీద వేయించిన తేదీ చూడండి, మీవి అప్పటికే నెల దాటి ఉంటే ఫ్రీజర్ హడావుడి వదిలేసి తొందరగా తాగేయండి.

పొడి చేయించి తెచ్చుకునేవాళ్లకు ఇవన్నీ ఇంకా వేగంగా జరుగుతాయి, వారం కూడా ఆగదు. చికోరీ కలిపింది అయితే అది తేమ లాగేసుకుని రాయిలా గడ్డ కడుతుంది. కుదిరితే చికోరీ వేరుగా తెచ్చుకుని ఫిల్టర్లో వేసేటప్పుడే కలుపుకోండి.