పాత మేనేజర్‌ను లింక్డిన్ రికమెండేషన్ ఎలా అడగాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ఐటీ సంస్థలో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేసి రెండేళ్ల క్రితం మానేశాను. అప్పటి మా మేనేజర్ కూడా ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు. ఆటోమేషన్ టెస్టింగ్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తూ, లింక్డిన్‌లో ఆయనకు రికమెండేషన్ రిక్వెస్ట్ పంపాను. మూడు వారాలైనా జవాబు లేదు. నా పనిని ఆయన ఎప్పుడూ మెచ్చుకునేవారు. మళ్లీ అడగవచ్చా? ఏమని రాయాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిస్సంకోచంగా అడగవచ్చు. అయితే ఈసారి లింక్డిన్ ఫారంతో కాకుండా, ఆయనకు నేరుగా రాసే ఒక మెసేజ్‌తో మొదలుపెట్టండి. ఫారంలో లింక్డిన్ తానుగా నింపి ఉంచే వాక్యాన్ని చాలామంది మార్చకుండానే పంపేస్తారు. మీరూ అలాగే పంపి ఉంటే ఆయనకు కనిపించినవి మీ పేరు, నా గురించి రాయండి అన్న అభ్యర్థన, ఒక ఖాళీ పెట్టె మాత్రమే. ఆ పెట్టె నింపాలంటే రెండేళ్ల కిందట మీరు ఏ ప్రాజెక్టులో ఏం చేశారో ఆయన గుర్తు చేసుకోవాలి, అందులో ఇప్పుడు మీకు పనికివచ్చేది ఏదో ఊహించాలి, దాన్ని తన పేరు మీద అందరికీ కనిపించేలా రాయాలి. మీ మీద ఎంత అభిమానం ఉన్నవారైనా దాన్ని ఆదివారం చూద్దామని పక్కన పెడతారు. కాబట్టి మూడు వారాల మౌనాన్ని తిరస్కారంగా తీసుకోవలసిన పని లేదు.

మీరు రాయబోయే మెసేజ్ ఆ గుర్తు చేసుకునే శ్రమనూ, ఊహించే శ్రమనూ ఆయన మీద నుంచి దించాలి. అందుకు అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసింది ఏ పని గురించి రాయమని అడగాలన్నది. మూడేళ్లలో మీరు చేసినవన్నీ ఏకరువు పెడితే, కష్టపడి పనిచేస్తుంది, అందరితో కలిసిపోతుంది అన్న మాటలే తిరిగి వస్తాయి. నియామకాలు చేసేవారు అటువంటి వాక్యాలను ప్రతి ప్రొఫైల్‌లోనూ చూస్తుంటారు కనుక వాటి మీద చూపు ఆపరు. ఒకే ఒక్క పనిని ఎంచుకోండి. దానికి రెండు గుర్తులు ఉండాలి: అది మీరిప్పుడు కోరుకుంటున్న ఉద్యోగానికి నేరుగా సంబంధించినదై ఉండాలి, ఆయన దాన్ని స్వయంగా చూసి ఉండాలి. ఈ రెండో గుర్తును చాలామంది మరచిపోతారు. మీరు అర్ధరాత్రి దాకా కూర్చుని పట్టుకున్న బగ్ గొప్పదే కావచ్చు కానీ, అది ఆయన దాకా వెళ్లకపోతే దాని గురించి నిజాయతీగా రాయడానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు. ఆయన కూర్చున్న సమావేశంలో చర్చకు వచ్చినది, ఆయన ఒప్పుకుంటేనే ముందుకు సాగినది, ఆయన పైవారికి చూపించినది అయితే అడగగానే గుర్తుకు వస్తుంది.

మీ ఉత్తరంలో ప్రాజెక్టు వివరాలు లేవు కనుక, అది ఆరోగ్య బీమా క్లెయిమ్‌ల సాఫ్ట్‌వేర్ అనీ, ప్రతి రిలీజ్‌కు ముందు చేతితో చేసే రిగ్రెషన్ టెస్టింగ్‌ను మీరు స్క్రిప్టులుగా మార్చారనీ అనుకుందాం. అప్పుడు మెసేజ్ ఇలా ఉండవచ్చు:

> నమస్తే సర్. క్లెయిమ్స్ ప్రాజెక్టులో మీ టీమ్‌లో మూడేళ్లు టెస్టర్‌గా పనిచేశాను. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను.
>
> ఇప్పుడు ఆటోమేషన్ టెస్టింగ్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. లింక్డిన్‌లో నా గురించి మూడు నాలుగు వాక్యాల రికమెండేషన్ రాయగలరా అని అడగడానికి ఈ మెసేజ్ పెడుతున్నాను. మన రిగ్రెషన్ టెస్టింగ్‌కు అప్పట్లో నాలుగు రోజులు పట్టేది. దాన్ని సెలీనియం స్క్రిప్టులుగా మార్చాక ఒక్క రోజులో పూర్తయ్యేది. స్క్రిప్టులను నమ్మవచ్చా అని టీమ్‌లో సందేహం వచ్చినప్పుడు, రెండు రిలీజ్‌ల పాటు పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కనే నడిపి చూద్దామని మీరే అన్నారు. ఆ పనిలో మీరు చూసినంత మేరకు రాస్తే నాకు చాలు.
>
> వచ్చే నెల మొదటి వారం నుంచి దరఖాస్తులు పంపుతున్నాను, ఆలోపు అయితే బాగుంటుంది. మీరు సరేనంటే లింక్డిన్ రిక్వెస్ట్ పంపుతాను. తీరిక లేకపోయినా, కంపెనీ నిబంధనలు అడ్డొచ్చినా ఒక్క మాట చెప్పండి సర్, నేను ఏమీ అనుకోను.

ఇందులో మొదటి వాక్యానికి ప్రత్యేకమైన పని ఉంది. ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మెసేజ్ మొదటి వరుసే కనుక, మీరెవరో, ఏ ప్రాజెక్టు తాలూకు మనిషో అక్కడే తెలిసిపోవాలి. కుశలప్రశ్నలతో రెండు మూడు వరుసలు గడిపితే, అసలు విషయం రాకముందే ఆయన ఫోన్ పక్కన పెట్టేస్తారు. నాలుగు రోజులు, ఒక్క రోజు అన్న లెక్కను ఆయన ఉన్నదున్నట్టు తన వాక్యంలోకి తీసుకోగలరు. అందుకే అది మీ ఇద్దరికీ గుర్తున్న నిజమైన లెక్కే అయి ఉండాలి, బాగుంటుందని పెంచి రాసినది కాకూడదు. ఆయన పాత్రను ప్రస్తావించిన వాక్యాన్ని పొగడ్త కోసం పెట్టలేదు. తాను తీసుకున్న నిర్ణయం గుర్తుకు వస్తే దాని చుట్టూ జరిగినదంతా గుర్తుకు వస్తుంది, అప్పుడు మీరు చెప్పని విషయం కూడా ఆయనే ఒకటి రాస్తారు. రికమెండేషన్‌లో నిజంగా విలువైన వాక్యం సాధారణంగా అదే అవుతుంది.

మూడు నాలుగు వాక్యాలు అన్న కొలత తప్పకుండా చెప్పండి. కొలత చెప్పకపోతే పేజీ నిండా రాయాలేమో అనుకుని వాయిదా వేస్తారు. చివరి వాక్యం కూడా ముఖ్యమే. పాత ఉద్యోగుల గురించి మేనేజర్లు స్వయంగా ఏమీ రాయకూడదనీ, ఉద్యోగ తేదీలను హెచ్ఆర్ విభాగమే ధ్రువీకరించాలనీ కొన్ని సంస్థల్లో నియమం ఉంటుంది. అటువంటి ఇబ్బంది ఉన్నవారు మర్యాదగా తప్పుకోవడానికి మీరే దారి చూపితే, కుదరదన్న మాటైనా త్వరగా వస్తుంది, మీకు ఎదురుచూపు తప్పుతుంది.

మీరిద్దరూ ఆఫీసులో తెలుగులోనే మాట్లాడుకుని ఉంటే మెసేజ్ తెలుగులోనే పెట్టండి. రికమెండేషన్ మాత్రం మీ ప్రొఫైల్ ఏ భాషలో ఉందో ఆ భాషలో ఉండడం మంచిది. మెయిల్ రూపంలోనే మాట్లాడుకునే అలవాటు ఉన్నవారైతే మెయిల్ చేయండి. లింక్డిన్‌లోనే పంపదలచుకుంటే ముందు నోట్స్‌లో రాసుకుని కాపీ చేసి పెట్టండి, ఎందుకంటే కంప్యూటర్‌లో Enter నొక్కితే మెసేజ్ వెళ్లిపోయే అమరిక ఉండవచ్చు, సగం వాక్యంతో పోయిన మెసేజ్ మంచి అభిప్రాయం కలిగించదు.

ఆయన సరేనన్న రోజే రిక్వెస్ట్ పంపండి. ఆయన ప్రొఫైల్‌లో More నొక్కితే Request a recommendation కనిపిస్తుంది. కనెక్షన్‌లో ఉన్నవారికే ఈ రిక్వెస్ట్ పంపగలం. మీరు ఇప్పటికే ఒకసారి పంపగలిగారు కనుక ఆ సమస్య మీకు లేదు. తరువాత రెండు విషయాలు ఎంచుకోమంటుంది. మొదటిది మీ ఇద్దరి సంబంధం, అందులో ఆయన మీకు నేరుగా మేనేజర్ అన్న వరుసను ఎంచుకోండి. రెండోది అప్పటి మీ హోదా. ఈ జాబితా మీ ప్రొఫైల్‌లోని Experience భాగం నుంచి వస్తుంది కాబట్టి, ఆ ఉద్యోగాన్ని అక్కడ చేర్చి ఉండకపోతే ముందు చేర్చాలి. అదే సంస్థలో పదోన్నతి పొంది రెండు హోదాలు రాసుకుని ఉంటే, స్క్రిప్టుల పని చేసిననాటి హోదానే ఎంచుకోండి. రికమెండేషన్ ఆ హోదాకే ముడిపడుతుంది. ఈ రెండూ మొదటిసారి సరిగ్గానే ఎంచుకున్నారని మీకు గుర్తుంటే, పాత రిక్వెస్ట్‌కే జవాబు రాయమని ఆయనకు చెప్పవచ్చు. కొత్తగా పంపుతున్నట్లయితే మాత్రం మెసేజ్ పెట్టెలో లింక్డిన్ పెట్టిన వాక్యాన్ని చెరిపేసి, మీరనుకున్న ఆ పని గురించి రెండు వరుసలు మళ్లీ రాయండి. ఆయన రాయడానికి కూర్చున్నప్పుడు కళ్ల ముందు ఉండేది అదే.

మన దగ్గర చాలాసార్లు వచ్చే జవాబు ఒకటుంది: నువ్వే రాసి పంపమ్మా, నేను పెట్టేస్తాను. ఆ మాట వినక ముందే మీరు ముసాయిదా పంపవద్దు, అది ఆయన చేత సంతకం పెట్టించుకున్నట్టు ఉంటుంది. ఆయనే అడిగితే మాత్రం అదే రోజు పంపండి. ఏ ప్రాజెక్టులో, ఎంతకాలం మీరు ఆయన కింద పనిచేశారో ఒక వాక్యం, చేసిన పని ఒక వాక్యం, దాని ఫలితం ఒక వాక్యం చాలు. నాలుగోది ఆయన అభిప్రాయానికి ఖాళీగా వదిలి, అక్కడ మీ మాట ఒకటి చేర్చండి సర్ అని రాయండి. అత్యుత్తమం, అసాధారణం వంటి మాటలు మీ చేతితో రాయకండి. క్లయింట్ పేరు కూడా రాయకండి. రికమెండేషన్ బహిరంగంగా కనిపించేది, ఆ పేరు బయట చెప్పకూడదన్న ఒప్పందం మీకూ ఆయనకూ వర్తిస్తూ ఉండవచ్చు.

ఆయన రాసి పంపాక అది వెంటనే మీ ప్రొఫైల్‌లోకి రాదు. మీరు చదివి అంగీకరించాకే కనిపిస్తుంది. సంస్థ పేరో, హోదానో, లెక్కో తప్పుగా పడితే సవరణ కోరే వీలు అక్కడే ఉంది. దాన్ని అటువంటి వాస్తవాల వరకే వాడండి, ఇంకొంచెం గట్టిగా పొగడమని అడగడానికి కాదు. బదులుగా ఆయనకు మీరొక రికమెండేషన్ రాయాలన్న ఆలోచన వస్తే కొన్నాళ్లు ఆగండి. ప్రతి రికమెండేషన్ పక్కన తేదీ ఉంటుంది. ఒకే వారంలో ఇద్దరూ ఒకరి గురించి ఒకరు రాసుకున్నట్టు కనిపిస్తే, చదివేవారు రెండిటినీ తక్కువగా చూస్తారు.

మెసేజ్‌కు పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి, రెండు వరుసల్లో గుర్తుచేయండి. దానికీ జవాబు లేకపోతే ఆయనను ఇక వదిలేయండి. అదే పనిని దగ్గర నుంచి చూసిన టీమ్ లీడ్‌కో, మీ స్క్రిప్టుల ఫలితాలను ప్రతి రిలీజ్‌లో వాడుకున్న డెవలపర్‌కో రాయండి. అప్పుడు ఆయన మాటలను ప్రస్తావించిన వాక్యం తీసేసి, ఆ మనిషి స్వయంగా చూసిన సందర్భాన్ని పెట్టాలి, ఫారంలో సంబంధాన్ని కూడా దానికి తగినట్టు మార్చాలి.