హెల్ప్ బాట్‌కి పత్రాలను ఎక్కడ కోయాలి, ఎన్ని ముక్కలు తేవాలి?

ప్రశ్న: "మా కంపెనీ మాన్యువల్స్‌లో వెతికి జవాబిచ్చే ఆర్ఏజీ హెల్ప్ బాట్ కడుతున్నా. 500 పదాల ముక్కలు, 50 పదాల ఓవర్‌ల్యాప్, ఎంబెడింగ్‌కి multilingual-e5-base, ప్రతి ప్రశ్నకీ 3 ముక్కలు. అయినా జవాబులు అరకొరగా వస్తున్నాయి. చంక్ సైజు మార్చాలా, ముక్కల సంఖ్య పెంచాలా?"

ముందు ఆ సెట్టింగ్‌లు రెండూ అలాగే ఉంచండి. జవాబు తేడా వచ్చిన ఒక ప్రశ్న తీసుకుని, దానికి మీ సిస్టమ్ తెచ్చిన 3 ముక్కలనూ మీరే చదవండి. కావలసిన విషయం వాటిలో లేకపోతే తప్పు వెతుకులాటది. ఉండి కూడా జవాబు తప్పితే లోపం జవాబు రాసే భాషా మోడల్‌ది, లేదా మీరు రాసిన ప్రాంప్ట్‌ది. ఈ రెండింటికీ మందు వేరు.

నేను అనంతపురంలో డ్రిప్ పరికరాలు అమ్మే ఒక కంపెనీకి ఇలాంటి బాట్ చేశాను. ఇక్కడ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్లు తొందరగా మూసుకుపోతాయి. అందుకే డీలర్ల దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న యాసిడ్ ట్రీట్‌మెంట్ గురించే. మాన్యువల్‌లో ఆ సెక్షన్ మొదట్లోనే హెచ్చరిక ఉంది: యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ కలపకూడదు, విష వాయువు పుడుతుంది. ఆ తర్వాత మోతాదుల పట్టిక, దాని కింద చేసే పద్ధతి. పదాలు లెక్కపెట్టి కోసేసరికి హెచ్చరిక ఒక ముక్కలో, పద్ధతి ఇంకో ముక్కలో పడ్డాయి. "ఉప్పూ పాచీ రెండూ పట్టాయి, ఏం చేయాలి?" అని అడిగితే యాసిడ్ పద్ధతి, బ్లీచింగ్‌తో చేసే క్లోరిన్ పద్ధతి రెండూ వచ్చాయి, హెచ్చరిక మాత్రం రాలేదు. అది చదివిన రైతు రెండూ ఒకే ట్యాంకులో పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఓవర్‌ల్యాప్ కూడా కాపాడలేదు, ఎందుకంటే అది పక్క ముక్క అంచును మాత్రమే తెస్తుంది, హెచ్చరికేమో ఒక పేజీ పైన ఉంది.

అందుకని పదాల లెక్క మానేసి, హెడింగ్‌ల దగ్గర కోశాం. సెక్షన్ పెద్దదైతే లోపల పేరాల దగ్గర కోశాం కానీ, ప్రతి ముక్క మొదట్లో అది ఏ అధ్యాయం, ఏ సెక్షన్‌లోదో ఒక వరుస రాశాం. పట్టిక విడిపోతే దాని పై వరుసను ప్రతి ముక్కలోనూ మళ్లీ పెట్టాం, లేకపోతే అంకె ఉంటుంది, అది దేని అంకో తెలియదు. అసలు పని చేసింది ఇంకొకటి: వెతికేది చిన్న ముక్కల్లో, మోడల్‌కి ఇచ్చేది ఆ ముక్క ఉన్న పూర్తి సెక్షన్. దాంతో పద్ధతి వెంట హెచ్చరిక కూడా తప్పకుండా వస్తుంది.

ఇక ఎంబెడింగ్, అంటే ముక్క అర్థాన్ని వెక్టర్ అనే అంకెల వరుసగా మార్చడం. దానికి మీరు వాడే మోడల్ 512 టోకెన్ల వరకే చదువుతుంది. తెలుగు మాట చాలాసార్లు రెండు మూడు టోకెన్లుగా విడిపోతుంది కాబట్టి, మీ 500 పదాల ముక్కలో చివరి సగం వెక్టర్‌లోకి ఎక్కడమే లేదు. ఎర్రర్ కూడా రాదు, చప్పుడు లేకుండా కత్తిరించేస్తుంది. మీ ముక్కలను ఆ మోడల్ టోకెనైజర్‌తోనే కొలిచి, 300 టోకెన్ల దగ్గర మొదలుపెట్టండి. ఈ మోడల్‌కి ప్రశ్న ముందు query:, ముక్క ముందు passage: అన్న మాటలు కూడా తప్పనిసరి:

```
query: డ్రిప్పర్లలో ఉప్పు పట్టింది, ఏం చేయాలి
passage: నిర్వహణ > యాసిడ్ ట్రీట్‌మెంట్ > పద్ధతి ...
```

డీలర్ "చుక్క పడట్లేదు" అంటాడు, మాన్యువల్ "ఎమిటర్ బ్లాకేజ్" అంటుంది. ఆ రెంటినీ కలపడానికే ఎంబెడింగ్. కానీ పార్ట్ నంబర్ల దగ్గర అది నమ్మదగింది కాదు, ఒక్క అంకె తేడా ఉన్న రెండు ఫిల్టర్లు దానికి దాదాపు ఒకటే. వాటికోసం BM25 లాంటి మాటల వెతుకులాట పక్కనే నడిపి, రెండు జాబితాలనూ కలపండి.

ఎన్ని ముక్కలనేది ఊహించి పెట్టేది కాదు, కొలిచి పెట్టేది. సపోర్ట్ వాళ్ల కాల్ రిజిస్టర్ నుంచి నిజమైన ప్రశ్నలు ఓ వంద తీసుకోండి. ఒక్కోదానికి జవాబు ఏ సెక్షన్‌లో ఉందో ఆ పని తెలిసిన మనిషితో రాయించండి. తర్వాత మొదటి 3, 5, 10, 20 ముక్కల్లో ఆ సెక్షన్ ఎన్ని ప్రశ్నలకు వచ్చిందో లెక్కపెట్టండి. 3కీ 10కీ బాగా తేడా ఉంటే, జవాబు దొరుకుతోంది గానీ వెనక వరుసలో నిలబడుతోందని అర్థం. అప్పుడు 20 తెచ్చి, రీర్యాంకర్‌తో మళ్లీ వరుస పెట్టి, పైన ఉన్న 4 లేదా 5 మాత్రమే మోడల్‌కి ఇవ్వండి. 20లో కూడా రాకపోతే సంఖ్య పెంచి లాభం లేదు, కోత దగ్గరికో ఎంబెడింగ్ దగ్గరికో వెనక్కి వెళ్లాలి.

ఇరవైకి ఇరవై మోడల్‌కే ఇచ్చేస్తే పోలేదా అనిపిస్తుంది. మా దగ్గర అలా ఇస్తే పాత మోడల్ ఫిల్టర్ మాన్యువల్ కూడా దూరి, బాట్ కొత్త ఫిల్టర్‌కి పాత ప్రెజర్ అంకె చెప్పింది. పైగా ఎక్కువ ముక్కలు ఇచ్చినప్పుడు నడిమధ్యలో ఉన్నదాన్ని మోడల్స్ వదిలేసే అవకాశం ఎక్కువ. పాత ఎడిషన్లను ఇండెక్స్‌లోంచే తీసేయండి. తీయలేని పరిస్థితి అయితే ప్రతి ముక్కకీ పరికరం మోడల్ పేరు, సంవత్సరం ట్యాగ్ పెట్టి, వెతికే ముందే వడకట్టండి.