థైరాయిడ్ టాబ్లెట్‌కీ కాల్షియం, ఐరన్ టాబ్లెట్లకీ మధ్య ఎన్ని గంటలు గ్యాప్ ఉండాలి?

ప్రశ్న: నేను రోజూ పొద్దున్నే థైరాయిడ్ 75 వేసుకుంటున్నాను. ఇప్పుడు కొత్తగా కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్ రాశారు, చీటీలో అన్నిటికీ ఉదయం అనే టిక్ పెట్టారు. మెడికల్ షాపులో అడిగితే అరగంట ఆగితే చాలు అన్నాడు. నిజంగా ఎంత గ్యాప్ ఇవ్వాలి? ఎవరైనా వాడుతున్నవాళ్ళు చెప్పండి.

జవాబు:

నాలుగు గంటలండి. కాల్షియంకైనా, ఐరన్‌కైనా, అవి కలిసిన మల్టీవిటమిన్‌కైనా అదే లెక్క. షాపతను చెప్పిన అరగంట టిఫిన్‌కి చెప్పే మాట, అంటే టాబ్లెట్ వేసుకున్నాక అరగంట నుంచి గంట ఆగి తినమంటారు కదా, అది. దాన్నే వీటికీ చెప్పేసినట్టున్నాడు.

మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరం థైరాయిడ్ టాబ్లెట్ మీదే ఉన్నాం కాబట్టి ఈ గోల మాకు బాగా తెలుసు. ముందు ఎందుకు నాలుగు గంటలో చెప్తాను, అది అర్థమైతే మిగతాదంతా మీరే లెక్కేసుకోవచ్చు. ఈ మందు, అదే లెవోథైరాక్సిన్, పొట్టలో కరిగి చిన్నపేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళాలి. పరగడుపున వేసుకున్నా మొత్తం వెళ్ళదు, వేసుకున్నదాంట్లో 60 నుంచి 80 శాతం దాకా వెళ్తుంది అంతే. అదే టైమ్‌లో పొట్టలో కాల్షియమో ఐరనో ఉందనుకోండి, మందు దాన్ని పట్టుకుని అతుక్కుపోతుంది, అలా అతుక్కున్నది పేగు గోడ దాటలేదు, మలంలో బయటికి పోతుంది. అంటే టాబ్లెట్ మింగుతారు కానీ ఒంటికి పట్టేది తగ్గిపోతుంది. ఇదంతా పొట్టలో, పేగుల్లో జరిగే వ్యవహారమే, మందు ఒక్కసారి రక్తంలోకి వెళ్ళిపోయాక తర్వాత మీరు ఎంత కాల్షియం వేసుకున్నా దాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే ఆ టైమ్ ఇస్తే చాలు, కాల్షియం మానేయాల్సిన పనిలేదు. చాలామంది ఇక్కడే భయపడి ఐరన్ పక్కన పడేస్తారు, అలా చెయ్యకండి.

ఇంకో చిక్కేంటంటే తేడా వెంటనే తెలియదు. ఈ హార్మోన్ ఒంట్లో నెమ్మదిగా తగ్గుతుంది, సగం అవడానికే వారం పడుతుంది, కాబట్టి రెండు మూడు రోజులు కలిపి వేసుకున్నా మీకేమీ అనిపించదు, "నాకేం కాలేదే" అనుకుంటారు. నెలలు గడిచాక నీరసం, మలబద్ధకం, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బడం, జుట్టు రాలడం మొదలవుతాయి, అప్పుడు టెస్ట్ చేయిస్తే టీఎస్‌హెచ్ పెరిగి ఉంటుంది, అది పెరిగిందంటే ఒంటికి మందు చాలట్లేదని అర్థం. 1992లో థైరాయిడ్ టాబ్లెట్ సరిగ్గా వాడుతున్నవాళ్ళకి దాంతోపాటే ఐరన్ టాబ్లెట్ ఇచ్చి చూశారు, 12 వారాల్లో సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కి వెళ్ళింది. మందు మానలేదు, డోసు మారలేదు, ఐరన్ ఒక్కటే తోడైంది.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్తాను, ఎందుకంటే గ్యాప్ గురించి అందరూ చెప్తారు కానీ ఈ రెండో భాగం ఎవరూ చెప్పరు. అమ్మ చాలా ఏళ్ళుగా 75 మీదే ఉంది, టీఎస్‌హెచ్ ఎప్పుడు చేయించినా రెండుకీ మూడుకీ మధ్యలోనే. మోకాళ్ళ నొప్పులని ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఎముకలు పల్చబడ్డాయని కాల్షియం 500 రాశారు, 1-0-1 అని, అంటే పొద్దున ఒకటి రాత్రి ఒకటి. అమ్మ ఆరింటికి థైరాయిడ్ వేసుకుని, అరగంటకి కాఫీ తాగి, ఏడున్నరకి ఇడ్లీ తిన్నాక కాల్షియం వేసుకునేది. గంటన్నర గ్యాప్ ఉందిగా అని ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత చేయించిన టెస్ట్‌లో టీఎస్‌హెచ్ 8.4. థైరాయిడ్ డాక్టర్ రిపోర్ట్ చూసి డోసు 100 చేశారు. కొత్తగా వేరే మందులేమైనా వాడుతున్నారా అని ఆయన అడగలేదు, మోకాళ్ళ టాబ్లెట్‌కీ దీనికీ ఏం సంబంధం అని అమ్మ చెప్పలేదు. మళ్ళీ టెస్ట్ చేయిస్తే 3కి వచ్చింది, అందరం హమ్మయ్య అనుకున్నాం.

కొన్నాళ్ళకి ఫార్మసీ చదివిన మా కజిన్ ఇంటికొచ్చి మందుల డబ్బా చూసి, అత్తా పొద్దున కాల్షియం వేసుకోకు మధ్యాహ్నానికి మార్చు అని చెప్పింది. మంచి మాటే, మార్చేశాం. కానీ డోసు మాత్రం 100 అలాగే ఉండిపోయింది. ఇదివరకు 100 వేసుకుంటే కొంత కాల్షియం పట్టుకుపోయేది, ఇప్పుడు పట్టుకునేది లేదు, మొత్తం ఒంట్లోకే వెళ్తోంది. రెండు నెలలు తిరిగేసరికి అమ్మకి గుండె దడ, రాత్రిళ్ళు నిద్ర లేదు, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి సన్నగా వణికి గ్లాసు అంచు డవరాకి తగిలి టకటకమంటోంది. బీపీ అనుకున్నాం, వయసు అనుకున్నాం. టెస్ట్ చేయిస్తే టీఎస్‌హెచ్ 0.15, అంటే మందు ఎక్కువైపోయింది. డోసు మళ్ళీ 75కి దించారు, తర్వాతి టెస్ట్‌లో 2.6. ఈ వయసు ఆడవాళ్ళకి టీఎస్‌హెచ్ అలా అడుగంటి ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ఎముకలు కూడా ఇంకా పల్చబడతాయి, అంటే ఏ ఎముకల కోసం కాల్షియం మొదలెట్టామో వాటికే చేటు.

కాబట్టి టైమ్ మార్చడం అంటే ఒక రకంగా డోసు మార్చినట్టే అనుకోండి. ఇన్నాళ్ళూ కలిపి వేసుకుంటున్నవాళ్ళు ఇది చదివి రేపట్నుంచి గ్యాప్ ఇవ్వడం మొదలెడితే, డాక్టర్‌కి ఆ మాట చెప్పి ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. అంతకంటే ముందు చేయిస్తే పూర్తి మార్పు కనపడదు. మీకు ఇంకా కొత్తగా రాశారు కాబట్టి మొదటి రోజు నుంచే విడివిడిగా పెట్టుకుంటే 75 మార్చాల్సిన అవసరం రాకపోవచ్చు, అయినా రెండు నెలలకి ఒక్కసారి చూపించుకోండి.

మీ మూడు టాబ్లెట్లూ రోజులో ఎలా సర్దాలంటే, పొద్దున ఆరింటికి థైరాయిడ్ ఒక్కటే మామూలు నీళ్ళతో. పాలు, కాఫీ, టీ గంట తర్వాతే, కాఫీ కూడా మందుని కొంత అడ్డుకుంటుంది, పాలల్లో ఎలాగూ కాల్షియమే ఉంది. తర్వాత మీ టిఫిన్. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాల్షియం. కాల్షియం కార్బొనేట్ రకం, అంటే మన దగ్గర మామూలుగా రాసే షెల్కాల్ లాంటివి, అన్నంతోపాటు వేసుకుంటేనే బాగా పడతాయి, కాబట్టి ఈ టైమ్ రెండిందాలా మంచిది. ఐరన్‌నీ కాల్షియంనీ కూడా కలిపి వెయ్యకూడదు, కాల్షియం ఐరన్‌ని పట్టనివ్వదు, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. కాబట్టి ఐరన్ సాయంత్రం నాలుగున్నర ఐదుకి, నిమ్మరసం నీళ్ళతో వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది. ఆ టైమ్‌కి టీ తాగే అలవాటుంటే టీని గంట అటో ఇటో జరపండి, టీ ఐరన్‌కి పెద్ద శత్రువు. కడుపులో వికారంగా ఉంటే ఏదైనా కొంచెం తిని వేసుకోండి, పర్లేదు. మల్టీవిటమిన్ రాత్రి భోజనం తర్వాత. కాల్షియం మీకూ రెండు పూటలా రాస్తే మధ్యాహ్నం, రాత్రి అని మార్పించుకోండి, పొద్దున మాత్రం వద్దు.

మల్టీవిటమిన్ అట్ట వెనక్కి తిప్పి చదవండి. ఐరన్, కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటి ఖనిజాలు ఉన్నాయంటే నాలుగు గంటల లెక్క. ఉత్త బి12, ఉత్త డి3 అయితే ఈ అతుక్కుపోయే గొడవ లేదు, కానీ వారానికొకటి వేసుకునే డి3 పాలతో తాగమంటారు కదా, ఆ పాలు మాత్రం పొద్దున టాబ్లెట్ పక్కనే వద్దు. జుట్టుకి అని బయోటిన్ వాడేవాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది, అది మందుని ఆపదు కానీ కొన్ని ల్యాబుల్లో టెస్ట్‌నే తప్పు చూపిస్తుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు అది ఆపాలి.

మన ఇళ్ళల్లో ఇంకో అలవాటు, పొద్దున్నే థైరాయిడ్‌తోపాటు గ్యాస్ టాబ్లెట్ ఒకే గుక్కలో మింగేయడం. పాంటాప్రజోల్ లాంటివి పొట్టలో యాసిడ్‌నే రోజంతా తగ్గిస్తాయి, థైరాయిడ్ టాబ్లెట్ కరగాలంటే యాసిడ్ కావాలి, కాబట్టి ఇక్కడ గంటల గ్యాప్ పెద్దగా పనికిరాదు, వాడుతున్నానని డాక్టర్‌కి చెప్పి టీఎస్‌హెచ్ చూసుకోవడమే. తెల్లటి గ్యాస్ సిరప్‌లకి మాత్రం నాలుగు గంటలు వర్తిస్తుంది.

పొద్దున హడావిడి కుదరని వాళ్ళు, నైట్ డ్యూటీల వాళ్ళు థైరాయిడ్‌ని రాత్రి పడుకునే ముందుకి మార్చుకోవచ్చు, డాక్టర్‌ని అడిగి. తిన్నాక మూడు గంటలు గడవాలి. ఎనిమిదింటికి భోజనం చేస్తే పదకొండుకి. కానీ అలా అయితే రాత్రి భోజనంతో కాల్షియం, మల్టీవిటమిన్ కుదరవు, వాటిని మధ్యాహ్నానికి తెచ్చుకోవాలి. ఒక రోజు పొద్దున, ఒక రోజు రాత్రి అని మాత్రం మార్చకండి.

మీరు ప్రెగ్నెంట్ అయితే (ఐరన్, కాల్షియం కలిపి రాశారంటే అదీ అయ్యుండొచ్చు కదా) వెంటనే థైరాయిడ్ విషయం గైనిక్ డాక్టర్‌కి చెప్పండి. అప్పుడు డోసు అవసరమే పెరుగుతుంది, సగం నెలలు నిండేదాకా సుమారు నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూస్తారు. అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్ టాబ్లెట్లకీ కాల్షియం టాబ్లెట్లకీ కూడా ఇవే గంటలు.

ఎప్పుడైనా మర్చిపోయి అన్నీ కలిపి మింగేస్తే ఇంకో థైరాయిడ్ టాబ్లెట్ వేసుకోకండి, మర్నాడు మామూలుగా మొదలెట్టండి, ఒక్క రోజుకి ఏమీ కాదు. టెస్ట్ రోజున రక్తం ఇచ్చొచ్చాక ఆ రోజు టాబ్లెట్ వేసుకోండి, మధ్యాహ్నం కాల్షియం ఆ వేసుకున్న టైమ్ నుంచి నాలుగు గంటలు లెక్కేసి.