ఉచితంగా వచ్చే డబ్బును వద్దంటారా?

"అల్టిమేటం గేమ్‌లో ఊరికే వచ్చే డబ్బును కూడా జనం ఎందుకు కాదంటారు? ఎంతో కొంత లాభమే కదా?"

లాభమే, కానీ అది ఎలా ఇచ్చారన్నది చూస్తారు. ఆట ఇలా ఉంటుంది: విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతున్న ఇద్దరికి 1000 రూపాయలు ఇచ్చామనుకోండి. ఒకడు వాటా చెప్పాలి, రెండోవాడు సరేనంటే అలాగే పంచుకుంటారు, కాదంటే ఇద్దరికీ సున్నా, బేరం లేదు. "నాకు 800, నీకు 200" అన్నాడు మొదటివాడు. రెండోవాడు టీ గ్లాసు ఠపీమని కింద పెట్టి, "నాకొద్దు, నీకూ వద్దు" అన్నాడు. వాడి లెక్కలో 200 ఖర్చు పెట్టి అవతలివాడికి 800 నష్టం చేశాడు!

ఈ ఆటను 1982లో జర్మనీలో గూత్ అనే ఆర్థికవేత్త, మరో ఇద్దరు మొదలుపెట్టారు. నాకు బాగా నచ్చింది మాత్రం 2003లో ఫాక్, ఫేర్, ఫిష్‌బాకర్ అనే పరిశోధకులు వేసిన మెలిక. చెప్పేవాడు రెండు వాటాల్లో ఒకటి ఎంచుకోవాలి: ఒకటి ఎప్పుడూ పదిలో 8–2, కానీ రెండో దారిని మార్చారు. సగం సగం ఇచ్చే వీలుండీ 8–2 అన్నప్పుడు దాదాపు 44 శాతం మంది తిరస్కరించారు. రెండో దారి 10–0 అయినప్పుడు (అంటే వాడు కాస్త దయ చూపినట్టే) తిరస్కరించింది 9 శాతమే. చేతికొచ్చేది రెండుసార్లూ ఆ రెండే.

అలాగని ఇది వట్టి కోపమే అనలేం. 8–2 తప్ప వేరే దారే లేనప్పుడు కూడా 18 శాతం మంది వద్దన్నారు, అక్కడ తప్పు ఎవరిదీ కాదు, తేడానే మింగుడుపడలేదు.