వరుసగా సెంచరీలు కొట్టిన బ్యాటర్ మీద పందెం కాస్తే గెలుస్తామా?

లేదు. రెండు పెద్ద స్కోర్లు కళ్లముందే ఉంటాయి కాబట్టి కెరీర్ సగటును మర్చిపోయి వాటినే అతని అసలు స్థాయి అనుకుంటాం, పైగా ఆ ఊపంతా పందెం రేటులో ముందే కలిసిపోయి ఉంటుంది, అంటే గెలిచినా చేతికొచ్చేది తక్కువే.

2024లో సంజూ శాంసన్‌నే చూడండి: టీ20ల్లో హైదరాబాద్‌లో 111, వెంటనే డర్బన్‌లో 107. ఇక ఆపేవాడు లేడనుకుంటే తర్వాతి రెండు మ్యాచుల్లో సున్నా, సున్నా. అందరూ పెదవి విరిచాక జోహన్నెస్‌బర్గ్‌లో 109 నాటౌట్!

ఫామ్ అనేది అసలు లేదని కాదు, మనం అనుకున్నంత ఉండదు, అంతే. అలాగని 'రెండు కొట్టాడుగా, ఈసారి పోతాడు' అనుకోవడమూ పొరపాటే, పాత స్కోర్లు బంతికి తెలియవు.