కాలిన ఛార్జర్‌కు బాధ్యత ఎవరిది?

ప్రశ్న: విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక దుకాణంలో 350 రూపాయలకు ఛార్జర్ అడాప్టర్ కొన్నాను. డబ్బా మీద 65 వాట్లు అని ఉంది. కేబుల్ గుంటూరులో వేరే చోట కొన్నది. రెండు వారాలైనా కాకముందే ఒక రాత్రి అడాప్టర్ కరిగిపోయింది. 18 వేల రూపాయల ఫోను చచ్చిపోయింది, మంచం మీది దుప్పటి కాలింది. దుకాణదారును అడిగితే ‘కేబుల్ మాది కాదు, ఏదైనా ఉంటే కంపెనీని అడగండి’ అంటున్నారు. డబ్బా మీద కంపెనీ చిరునామానే లేదు. కేసు వేయవచ్చా? మళ్లీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? బిల్లు, ఫోటోలు జత చేశాను.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వేయవచ్చు. అందుకు మీరు విజయవాడ దాకా తిరగనక్కరలేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే హక్కును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది కాబట్టి గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు.

‘కంపెనీని అడగండి’ అన్న మాట మీ కేసులో నిలవదు. వస్తువులోని లోపం వల్ల నష్టం జరిగితే మొదట తయారీదారు జవాబు చెప్పాలి, నిజమే. కానీ ఆ తయారీదారు ఎవరో తెలియనప్పుడు, లేదా తెలిసినా నోటీసు అందజేయడానికి వీలు లేనప్పుడు, అమ్మినవారే బాధ్యులని 86వ సెక్షన్ చెబుతోంది. పేరూ ఊరూ లేని సరుకును తెచ్చి అమ్మిన దుకాణదారు ఆ తయారీదారు స్థానంలో తానే నిలబడతారు. పైగా ప్యాక్ చేసిన వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ముద్రించి ఉండాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. డబ్బాను పారేయకండి. చిరునామా లేకపోవడమే ఇక్కడ మీకు సాక్ష్యం.

కేబుల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అవతలి వకీలు పట్టుకునేది దాన్నే. వస్తువును తప్పుగా వాడితే అమ్మినవారి మీద దావా చెల్లదని 87వ సెక్షన్‌లో ఉంది. వేరే కేబుల్ వాడటం తప్పుడు వాడకమేనా? మీ ఫోటోలు జాగ్రత్తగా చూశాను. కేబుల్ రెండు కొసలూ చెక్కుచెదరలేదు. అడాప్టర్ గోడ సాకెట్టులోకి వెళ్లే పిన్నుల మొదట్లో ప్లాస్టిక్ కరిగి, అక్కడి నుంచి నలుపు లోపలికి పాకింది. కేబుల్ చెడితే సాధారణంగా ఫోనులో గుచ్చే కొన గానీ అడాప్టర్‌లో దూరే కొన గానీ కమిలిపోతుంది. పిన్నుల దగ్గర మొదలైన కాలుడు అడాప్టర్ లోపలి లోపాన్నో, సాకెట్టులో వదులుగా కూర్చోవడాన్నో సూచిస్తుంది. అందుకే ఆ సాకెట్టును కూడా ఎలక్ట్రీషియన్‌కు చూపించి, దాని పరిస్థితి రాతపూర్వకంగా తీసుకోండి. ఒకవేళ కేబుల్ లోపల తీగలు కలిసిపోయి షార్ట్ అయిందే అనుకుందాం. అప్పుడు కూడా సరైన అడాప్టర్ కరెంటు ఇవ్వడం ఆపేయాలే తప్ప మండకూడదు. భద్రతా ప్రమాణంలో ఆ పరీక్ష ఉంది.

ఇక 65 వాట్లు. మీ అడాప్టర్ వెనుక చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ 5 వోల్టులు, 2.4 ఆంపియర్లు అని మాత్రమే ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఇక్కడ వచ్చేది 12. డబ్బా మీద 65 అని వేసి 12 వాట్ల సరుకు ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. కొనేటప్పుడు డబ్బాను కాదు, అడాప్టర్ ఒంటి మీది అవుట్‌పుట్ వరుసను చదవండి. మీ ఫోను పాత అడాప్టర్ మీద 9 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే కొత్తదాని మీద కూడా ఆ జత కనిపించాలి. ఆంపియర్లు ఎక్కువున్న అడాప్టర్ ఫోనును కాల్చేస్తుందనే భయం చాలామందికి ఉంది. అది అపోహ. ఫోను తనకు కావలసినంతే తీసుకుంటుంది.

ముద్రల విషయంలో నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటుంది. ఫోను అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థలో నమోదు తప్పనిసరి. నమోదైన సరుకు మీద ఐఎస్ 13252 (పార్ట్ 1) లేదా కొత్తదైన ఐఎస్/ఐఈసీ 62368 అనే ప్రమాణం, దాని పక్కన ‘ఆర్’ అక్షరం, గీత, 8 అంకెల సంఖ్య ఉంటాయి. మీ అడాప్టర్ మీద అవన్నీ ఉన్నాయి. ఆ సంఖ్యను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొట్టి చూస్తే, అది వేరే బ్రాండు ఎల్‌ఈడీ బల్బుకు ఇచ్చిన సంఖ్యగా తేలింది! ఎక్కడిదో నంబరు తెచ్చి ఒక మనిషి పడుకునే మంచం పక్కన వెలిగే వస్తువు మీద అచ్చువేశారు. ముద్ర ఉందా లేదా అని చూసి ఊరుకుంటే చాలదు. దుకాణంలో నిలబడే ఆ యాప్‌లో నంబరు కొట్టి, బ్రాండు పేరు, వస్తువు రకం, గడువు మూడూ సరిపోతున్నాయో లేదో చూడండి. పక్కనే ఉన్న ‘సీఈ’ అక్షరాలు ఐరోపా మార్కెట్‌కు చెందినవి. వాటితో మన చట్టం షరతు తీరదు.

కేబుల్‌ను మాత్రం తీగ మందం చూసి ఎంచుకోవాలి. తొడుగు మీద సన్నగా అచ్చు ఉంటుంది, ఫోను టార్చి వేసి చదవండి. మీ కేబుల్ ఫోటోలో కరెంటు తీగలు 28 ఏడబ్ల్యూజీ అని కనిపిస్తోంది. ఈ కొలతలో అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 28 తీగతో చేసిన మీ రెండు మీటర్ల కేబుల్‌లో రానూపోనూ నిరోధం సుమారు 0.85 ఓమ్‌లు. 2 ఆంపియర్లు పారితే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. 5 వోల్టులతో బయలుదేరితే ఫోనుకు చేరేది 3.3, అది బ్యాటరీ ఎక్కడానికి చాలదు. అందుకే ఫోను కరెంటు తగ్గించుకుని గంటల తరబడి ఎక్కుతుంది. అదే పొడవులో 24 ఏడబ్ల్యూజీ అయితే పోయేది 0.7 వోల్టుల లోపే. ఒక మీటరు పొడవు, కరెంటు తీగలు 24 లేదా అంతకంటే చిన్న అంకె ఉన్నది తీసుకోండి. రెండు కొసలూ టైప్-సీ అయిన కేబుల్ కనీసం 3 ఆంపియర్లకు తగినదై ఉండాలి. అంతకు మించి 5 ఆంపియర్లు పారాలంటే కొసలో గుర్తింపు చిప్ ఉన్న కేబుల్ కావాలి.

ఇప్పుడు చేయవలసినవి. అడాప్టర్‌ను విప్పి చూడాలన్న ఆత్రుత వద్దు. విప్పితే ‘మార్పులు చేశారు’ అని వాదిస్తారు. దాన్ని, కేబుల్‌ను, డబ్బాను ఒకే కవరులో పెట్టి అంటించండి. ఫోను సర్వీస్ కేంద్రం నుంచి కారణం రాయించిన కాగితం, ఫోను కొన్న బిల్లు దగ్గర పెట్టుకోండి. దుకాణదారుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వండి. జవాబు రాకపోతే ఫిర్యాదు వేయండి. మీరు చెల్లించిన ధర 350 రూపాయలే కాబట్టి కోర్టు రుసుము ఏమీ ఉండదు. వస్తువును ప్రయోగశాలకు పంపాలని కమిషన్‌ను కోరండి. ఆ పరీక్ష ఖర్చు మాత్రం మొదట మీరు కట్టవలసి రావచ్చు.

ఫోను, దుప్పటి నష్టానికి ఉత్పత్తి బాధ్యత కింద, అడాప్టర్ ధరకు లోపభూయిష్ట వస్తువు కింద విడివిడిగా అడగాలి. చట్టం చెప్పే ‘నష్టం’లో ఆ వస్తువు ధర చేరదు. వాడిన ఫోనుకు కొత్తదాని ధర మొత్తం ఇస్తారని ఆశించకండి, వాడకం మేరకు తగ్గించవచ్చు. ఇదంతా ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్ల లోపు దాఖలు కావాలి. నకిలీ నంబరు గురించి మాత్రం ఆగకుండా అదే బీఐఎస్ కేర్ యాప్‌లోని ఫిర్యాదుల విభాగంలో ఈరోజే రాయండి, ఆ దుకాణంలో అవే అడాప్టర్లు ఇంకా అమ్ముడవుతూ ఉండవచ్చు.