108 దాటగానే సైరన్ స్వరం ఎందుకు పడిపోతుంది?

"పర్లాకిమిడిలో పాతపట్నం రోడ్డు పక్కన విన్నాను. అంబులెన్స్ దగ్గరికొచ్చేకొద్దీ కీచుదనం పెరుగుతూ పోవాలి కదా? నాకు మాత్రం దాటగానే ఒక్కసారిగా తగ్గింది. పదో తరగతి."

నువ్వు విన్నదే సరి. దగ్గరికొచ్చేకొద్దీ పెరిగేది శబ్దం బిగ్గరతనం. చాలామంది దాన్నే కీచుదనం అనుకుంటారు. బండి ఒకే వేగంతో నీవైపు వస్తుంటే కీచుదనం మొదటినుంచీ ఎక్కువగానే ఉంటుంది, పెరగదు.

లెక్క చూడు. సైరన్ 700 హెర్ట్జ్, ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, బండి గంటకు 72 కిలోమీటర్లు.

1. ముందు వేగాన్ని మార్చు: 72 ÷ 3.6 = సెకనుకు 20 మీటర్లు. మార్కులు పోయేది ఇక్కడే.

2. ఆగి ఉంటే తరంగదైర్ఘ్యం 340/700, అంటే 48.6 సెం.మీ. ఒక తరంగం వెలువడేలోగా బండి 2.9 సెం.మీ. ముందుకు జరుగుతుంది. అందుకే ముందువైపు తరంగాలు అంత మేర దగ్గరపడతాయి, వెనుక అంత మేర సాగుతాయి.

3. వస్తున్నప్పుడు: 700 × 340/(340 − 20) = 744 హెర్ట్జ్.

4. వెళ్తున్నప్పుడు: 700 × 340/(340 + 20) = 661 హెర్ట్జ్.

నువ్వు రోడ్డు పక్కన ఉన్నావు కాబట్టి ఈ మార్పంతా బండి నిన్ను దాటే కొద్ది క్షణాల్లోనే జరిగింది. డ్రైవర్‌కి ఎప్పుడూ 700 హెర్ట్జే.

సైరన్ తనంతట తానే పైకీ కిందికీ ఊగుతుంది. అది బండి కదలిక వల్ల వచ్చే ఈ మార్పు, అంటే డాప్లర్ ప్రభావం, కాదు. అందుకని రాకలోని పై స్వరాన్ని పోకలోని పై స్వరంతోనే పోల్చు.